వారపు పని గంటల పట్టిక: ఓవర్‌టైం లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

దుకాణంలో పనిచేసే వారికి ఓవర్‌టైం లెక్క కట్టేటప్పుడు యజమానికీ గుమాస్తాకీ మధ్య వచ్చే పేచీల్లో చాలావరకు ఒకే చోట పుడతాయి. ఒకరు రోజు లెక్కన చూస్తారు, మరొకరు వారం లెక్కన చూస్తారు. రోజుకు 8 గంటలు దాటిన ప్రతి గంటా ఓవర్‌టైమేనని ఒకరి వాదన. వారం మొత్తం 48 దాటితేనే ఓవర్‌టైమని మరొకరి వాదన. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ఈ రెండు పరిమితులనూ కలిపే పెట్టింది: దుకాణ ఉద్యోగి చేత రోజుకు 8 గంటలకు మించి గానీ, వారానికి 48 గంటలకు మించి గానీ పని చేయిస్తే, ఆ అదనపు గంటలకు మామూలు రేటుకు రెండింతలు చెల్లించాలని అందులో ఉండేది. 2025లో రోజు పరిమితి మారింది, ఆ సంగతి చివర్లో చూద్దాం, అంతవరకు లెక్కలన్నీ 8 గంటల పరిమితితోనే. అంటే వాదించుకుంటున్న ఇద్దరి మాటా సగం నిజమే. రెండు సగాలనూ ఒకే పట్టికలో, ఏ గంటనూ రెండుసార్లు లెక్కపెట్టకుండా, ఏ గంటనూ వదిలిపెట్టకుండా ఎలా కలపాలన్నదే ఈ వ్యాసం విషయం.

ఉదాహరణకు విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక బట్టల దుకాణాన్ని ఊహించుకుందాం. దసరా బేరాలు మొదలై, ఆపై పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ వరకూ జనం తగ్గని రోజులు. మామూలుగా ఆదివారం మూసే ఈ దుకాణం ఆ వారం ఆదివారం కూడా కొన్ని గంటలు తెరిచింది. అమ్మకాల దగ్గర అప్పలనర్సమ్మ, సరుకు దించి సర్దే పనిలో పైడిరాజు, గల్లా దగ్గర సింహాచలం ఉన్నారు. ఈ పేర్లు, జీతాలు లెక్క కోసం కల్పించినవి. అప్పలనర్సమ్మ నెల జీతం 15,600, పైడిరాజుది 14,560, సింహాచలానిది 16,640 రూపాయలు అనుకుందాం. ఆ వారంలో వారు నిజంగా పని చేసిన గంటలు, భోజన విరామం తీసేశాక, ఇవి:

| పేరు | ఆది | సోమ | మంగళ | బుధ | గురు | శుక్ర | శని | మొత్తం |
|---|---|---|---|---|---|---|---|---|
| అప్పలనర్సమ్మ | 0 | 8 | 8 | 9.5 | 9.5 | 10 | 10 | 55 |
| పైడిరాజు | 0 | 11 | 11 | 0 | 8 | 8 | 8 | 46 |
| సింహాచలం | 6 | 8 | 8 | 8 | 8 | 8 | 8 | 54 |

వారం మొత్తం ఒక్కటే చూసే యజమాని పైడిరాజు వరుస దగ్గర ఆగడు. 46 గంటలు 48 కన్నా తక్కువే కదా, ఓవర్‌టైం ఎక్కడిది అంటాడు. కానీ సోమ, మంగళవారాల్లో లారీలు వరసగా రావడం వల్ల పైడిరాజు రోజుకు 11 గంటలు పని చేశాడు. ఆ రెండు రోజుల్లోనూ 8 గంటల పరిమితి మీద మూడేసి గంటలు ఎక్కువ. బుధవారం అతను రాలేదు కాబట్టి ఆ రోజు జీతం అతనికి రాదు, అది వేరే సంగతి. బుధవారం గైర్హాజరు సోమవారం నాటి అదనపు శ్రమను రద్దు చేయదు. అతనికి 6 గంటల ఓవర్‌టైం రావాలి.

రోజు లెక్క ఒక్కటే చూసే గుమాస్తా సింహాచలం వరుస దగ్గర పొరబడతాడు. ఆ వరుసలో ఏ రోజూ 8 దాటలేదు, కాబట్టి ఓవర్‌టైం సున్నా అని వేస్తాడు. కానీ ఆరు రోజులు నిండా 8 గంటలు చేసిన మనిషి ఏడో రోజు కూడా వచ్చి 6 గంటలు కూర్చున్నాడు. మొత్తం 54. వారం పరిమితి మీద 6 గంటలు ఎక్కువ. రోజుకు 8, వారానికి 48 అన్న పరిమితులు ఉన్నప్పుడు వారం లెక్క ప్రత్యేకంగా పట్టుకునేది సరిగ్గా ఇలాంటి ఏడో రోజు పనినే. ఆరు రోజులే పని చేసిన వ్యక్తికి రోజు పరిమితిలోపు గంటలు ఎంత కూడినా 48 దాటవు.

ఈ రెండు పొరపాట్లూ తెలిసిన కొందరు మూడో పొరపాటు చేస్తారు. రోజు లెక్కా, వారం లెక్కా రెండూ కట్టి కూడేస్తారు. అప్పలనర్సమ్మకు బుధ, గురువారాల్లో గంటన్నర చొప్పున, శుక్ర, శనివారాల్లో రెండేసి గంటల చొప్పున రోజు లెక్కన 7 గంటలు ఎక్కువ. వారం లెక్కన చూసినా 55లో నుంచి 48 తీస్తే 7 గంటలే. కూడితే 14 అవుతాయి. కానీ అవి వేర్వేరు గంటలు కావు, ఒకే 7 గంటలు రెండు వైపుల నుంచి కనిపిస్తున్నాయి.

సరైన పద్ధతి ఏమిటంటే, మొదట రోజు లెక్కన ఎక్కువైన గంటలను పక్కకు తీయాలి. మిగిలిన గంటలు 48 దాటితే, ఆ దాటిన భాగాన్ని మాత్రమే వాటికి కలపాలి. సోమ, మంగళవారాల్లో పదేసి గంటలు, తరువాతి నాలుగు రోజులూ ఎనిమిదేసి, ఆదివారం 5 గంటలు చేసిన మనిషిని తీసుకుంటే మొత్తం 57 అవుతుంది. రోజు లెక్కన 4 గంటలు పక్కకు పోతాయి. మిగిలిన 53లో 48 మీద 5 ఎక్కువ. నాలుగూ ఐదూ తొమ్మిది. ఇదే ఫలితాన్ని ఇంకా తేలికగా చెప్పవచ్చు: రోజు లెక్కన వచ్చిన అదనపు గంటలు ఒకవైపు (ఇక్కడ 4), వారం మొత్తంలో 48 తీసేస్తే మిగిలేవి మరోవైపు (ఇక్కడ 9) పెట్టి, రెండింటిలో ఏది పెద్దదైతే అది తీసుకోవాలి. మొదటి పద్ధతిని ఏ వరుస మీద నడిపినా ఫలితం ఇలాగే వస్తుంది. అందువల్ల పట్టికలో ఒక్క సూత్రంతో పని జరిగిపోతుంది.

ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్‌లో ఈ పట్టికను పెట్టేటప్పుడు పరిమితులను సూత్రాల లోపల రాయకుండా పై గళ్లలో విడిగా రాయడం మంచిది. B1 గడిలో రోజు పరిమితి 8, B2లో వారం పరిమితి 48, B3లో ఓవర్‌టైం రెట్టింపు 2 అని ఉంచుదాం. పేర్లు A6 నుంచి, ఆది నుంచి శని వరకు గంటలు B నుంచి H వరకు, నెల జీతం M నిలువు వరుసలో ఉంటాయి. మిగిలినవి ఇలా:

```
I6:  =SUM(B6:H6)
J6:  =SUMPRODUCT((B6:H6>$B$1)*(B6:H6-$B$1))
K6:  =MAX(J6,I6-$B$2)
L6:  =I6-K6
N6:  =M6/26/8
O6:  =L6*N6+K6*N6*$B$3
```

I లో వారం మొత్తం గంటలు, J లో రోజు లెక్కన ఎక్కువైనవి, K లో అసలు ఓవర్‌టైం, L లో మామూలు గంటలు, N లో గంట రేటు, O లో ఆ వారానికి రావలసిన మొత్తం వస్తాయి. J సూత్రం ఏడు గళ్లనూ ఒక్కొక్కటిగా చూసి, 8 దాటిన వాటిలో దాటినంత మేరకే తీసుకుని కూడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రాని రోజు గడిలో అలవాటు కొద్దీ «సెలవు» అని అక్షరాల్లో రాస్తే J గడిలో #VALUE! అని వస్తుంది, ఎందుకంటే ఆ అక్షరాల్లోంచి 8 తీసేయడం కుదరదు. SUM మాత్రం అక్షరాలను పట్టించుకోకుండా మొత్తం చూపిస్తూనే ఉంటుంది కాబట్టి, తప్పు మొత్తంలో ఉందో ఓవర్‌టైంలో ఉందో వెంటనే తట్టదు. రాని రోజున 0 వేసి, సెలవు సంగతి పక్కన వ్యాఖ్య గడిలో రాయాలి.

గంట రేటు గడిలో 26 ఎందుకు, 8 ఎందుకు అన్నది చాలామందిని తికమకపెట్టే విషయం. నెల జీతం తీసుకునే ఉద్యోగికి వారపు సెలవు కూడా జీతంలో భాగమే. నెలకు నాలుగు సెలవులు తీసేస్తే పని రోజులు సుమారు 26. నెల జీతం నుంచి దినసరి రేటు తీయడానికి 26తో భాగించడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. గ్రాట్యుటీ లెక్కలో కూడా నెల జీతగాళ్లకు ఇదే భాగహారం ఉంది. అప్పలనర్సమ్మ 15,600ను 26తో భాగిస్తే రోజుకు 600, దాన్ని 8తో భాగిస్తే గంటకు 75 రూపాయలు. ఓవర్‌టైం గంటకు 150. అదే 30తో భాగిస్తే గంటకు 65 మాత్రమే వస్తుంది, ఓవర్‌టైం గంటకు 130 అవుతుంది. సెలవు రోజులను కూడా పని రోజులుగా లెక్కపెట్టి రేటు తగ్గించడం వల్ల ఒక్క గంటకు 20 రూపాయలు ఉద్యోగి చేతిలోంచి జారిపోతాయి. వేతన చీటీ మీద రేటు రాయకుండా మొత్తం ఒక్కటే రాసే చోట ఈ తేడా ఎవరికీ కనిపించదు. అందుకే గంట రేటుకు ఒక గడి కేటాయించి, అందరికీ కనిపించేలా ఉంచాలని గట్టిగా అంటాను.

ఇప్పుడు ముగ్గురి లెక్కా ఇలా తేలుతుంది:

| పేరు | మొత్తం గంటలు | రోజు లెక్కన ఎక్కువ | ఓవర్‌టైం | మామూలు గంటలు | గంట రేటు | వారం మొత్తం |
|---|---|---|---|---|---|---|
| అప్పలనర్సమ్మ | 55 | 7 | 7 | 48 | 75 | 4,650 |
| పైడిరాజు | 46 | 6 | 6 | 40 | 70 | 3,640 |
| సింహాచలం | 54 | 0 | 6 | 48 | 80 | 4,800 |
| అందరూ | 155 | | 19 | 136 | | 13,090 |

అప్పలనర్సమ్మకు 48 మామూలు గంటలకు 3,600, 7 ఓవర్‌టైం గంటలకు 1,050 కలిసి 4,650. పైడిరాజుకు 40 గంటలకు 2,800, 6 గంటలకు 840. వారం లెక్క ఒక్కటే చూసి ఉంటే 46 గంటలనూ 70 రూపాయల చొప్పున కట్టి 3,220 ఇచ్చేవారు, అతనికి 420 రూపాయలు తగ్గేవి. సింహాచలానికి రోజు లెక్క ఒక్కటే చూసి ఉంటే 4,320 వచ్చేది, 480 తగ్గేది. కింది వరుసలో 136కూ 19కీ మొత్తం 155 అవుతోందా లేదా అని చూడటం చిన్న పరీక్ష. వేర్వేరు సూత్రాలతో అతుకులు వేసిన పట్టికలో ఏ గంటైనా రెండుసార్లు లెక్కకు వచ్చినా, వదిలిపోయినా అది ఇక్కడే బయటపడుతుంది.

గంటలు పట్టికలోకి ఎక్కే ముందే, హాజరు పుస్తకం దగ్గరే తప్పే అవకాశం ఇంకా ఎక్కువ. బుధవారం అప్పలనర్సమ్మ ఉదయం 10 గంటలకు వచ్చి రాత్రి 8:30కి వెళ్లింది, మధ్యలో గంట విరామం. పని చేసినది తొమ్మిదిన్నర గంటలు. దాన్ని హాజరు పుస్తకంలో 9.30 అని చుక్క పెట్టి రాయడం మనకు అలవాటు. అదే అంకెను పట్టికలో కొడితే కంప్యూటరు దాన్ని తొమ్మిది గంటల ముప్పై నిమిషాలుగా చదవదు, తొమ్మిదీ పదిలో మూడు వంతులుగా, అంటే తొమ్మిది గంటల పద్దెనిమిది నిమిషాలుగా చదువుతుంది. బుధ, గురువారాలకు కలిపి 24 నిమిషాలు మాయమవుతాయి, ఓవర్‌టైం రేటున 60 రూపాయలు. ఇలాంటి తప్పును గుర్తుపట్టడం సులువే. 9.30ని పట్టిక 9.3గా చూపిస్తుంది కాబట్టి, గంటల గళ్లలో చుక్క తరువాత 15, 3, 45 అంకెలు కనిపిస్తున్నాయంటే అవి నిమిషాలే. పావు గంటల లెక్కన కట్టే దుకాణంలో చుక్క తరువాత రావలసినవి 25, 5, 75 మాత్రమే.

చుక్కకు బదులు 9:30 అని రెండు చుక్కలతో రాస్తే తప్పు మరో రూపంలో వస్తుంది. ఎక్సెల్ సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది. 24 గంటలు దాని దృష్టిలో 1. అందుకే అప్పలనర్సమ్మ వారం మొత్తం 55 గంటలను మామూలు సమయం రూపంలో చూపమంటే, రెండు నిండు రోజులను మింగేసి 7:00 అని చూపిస్తుంది. ఈ ఉదాహరణలో ఓవర్‌టైం కూడా 7 గంటలే కాబట్టి, ఆ గడి ఓవర్‌టైం చూపుతోందని ఎవరైనా నమ్మే ప్రమాదం ఉంది. గడి రూపాన్ని [h]:mm అని మారిస్తే 55:00 కనిపిస్తుంది. కానీ కనిపించే తీరు మారినంత మాత్రాన లోపలి విలువ మారదు. ఆ గడిని 75తో గుణిస్తే 4,125కు బదులు 171.88 వస్తుంది. వారం జీతం రెండు వందల లోపు కనిపించిందంటే, సమయాన్ని 24తో గుణించడం మరిచిపోయారని అర్థం.

ఈ ఇబ్బందులన్నీ తప్పాలంటే వచ్చిన సమయం, వెళ్లిన సమయం, విరామం మాత్రమే చేత్తో రాసి, గంటలను పట్టిక చేతే కట్టించాలి. వేరే షీటులో C లో వచ్చిన సమయం, D లో వెళ్లిన సమయం, E లో విరామం 1:00 రూపంలో ఉంటే గంటలకు సూత్రం ఇది:

```
=IF(COUNT(C2:D2)<2,0,ROUND((MOD(D2-C2,1)-E2)*24,2))
```

సరుకు లారీ ఆలస్యంగా వచ్చి పైడిరాజు సాయంత్రం 4 గంటలకు మొదలుపెట్టి అర్ధరాత్రి దాటాక 12:30కి వెళ్లాడనుకుంటే, వెళ్లిన సమయం వచ్చిన సమయం కన్నా చిన్నదిగా కనిపించి మామూలు తీసివేత ఎక్సెల్‌లో గడి నిండా ##### గుర్తులు చూపుతుంది. MOD ఆ సమస్యను తీరుస్తుంది, ఎనిమిదిన్నర గంటలు సరిగ్గా వస్తాయి, అందులోంచి విరామం పోతుంది. ఆ గంటలు పని మొదలైన తేదీ కిందే పడాలి, లేకపోతే ఒకే షిఫ్టు రెండు రోజుల మధ్య చీలి రోజు పరిమితి దాటనట్టు కనిపిస్తుంది. సమయాల తీసివేతలో ఎక్కడో చివరి దశాంశంలో అణుమాత్రం తేడా మిగిలి 8 గంటలు 8 కన్నా కాస్త ఎక్కువగా నిలిచిపోవచ్చు కాబట్టి ROUND కూడా ఉండాలి. గడిలో రెండు సమయాల్లో ఒకటి లేకపోతే ఈ సూత్రం 0 ఇస్తుంది, అంటే వెళ్లేటప్పుడు సంతకం మరిచిపోయిన వారికి ఆ రోజు సున్నా పడుతుంది. వారాంతంలో సున్నాలన్నీ ఒకసారి చూసి, నిజంగా రాలేదా, రాయలేదా అని తేల్చుకోవాలి.

విరామం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. విరామం పని గంటల్లోకి రాదు, నిజమే. కానీ ఉద్యోగి కౌంటరు వదిలి వెళ్లినప్పుడే అది విరామం. పండుగ రద్దీలో అప్పలనర్సమ్మ ఒక చేత్తో అన్నం తింటూ మరో చేత్తో చీరలు విప్పి చూపిస్తుంటే ఆ గంట పనే. E గడిలో ప్రతి రోజూ కళ్లు మూసుకుని 1:00 అని నింపేసే పట్టిక, ఎంత చక్కటి సూత్రాలతో ఉన్నా, వారానికి ఆరు గంటల పనిని చెరిపేయగలదు. ఆ గడిని ఉద్యోగి ముందు, అతని మాట విని నింపాలి.

పరిమితులను పై గళ్లలో విడిగా ఉంచమన్నది ఊరికే కాదు. 2025లో రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి రోజు పరిమితిని 8 నుంచి 10 గంటలకు పెంచింది, వారం పరిమితి 48 మాత్రం అలాగే ఉంది. తమ దుకాణానికి, అక్కడి సిబ్బంది సంఖ్యకు ఏ నిబంధన వర్తిస్తుందో కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. నియామక పత్రంలో రోజుకు 8 గంటలని రాసి ఉంటే ఆ మాటను కూడా గౌరవించాలి. B1లో 8 తీసి 10 పెడితే మన ముగ్గురిలో ఎవరి లెక్క మారుతుందో చూద్దాం. అప్పలనర్సమ్మ ఏ రోజూ 10 దాటలేదు కాబట్టి రోజు లెక్క సున్నా అవుతుంది, కానీ వారం లెక్క 7 గంటలు పట్టుకుంటుంది, ఆమెకు రావలసిన 4,650లో మార్పు లేదు. సింహాచలానిదీ అంతే. పైడిరాజుకు మాత్రం సోమ, మంగళవారాల్లో గంట చొప్పున 2 గంటలే మిగులుతాయి. 44 గంటలకు 3,080, 2 గంటలకు 280 కలిసి 3,360 వస్తుంది. 280 రూపాయలు తగ్గింది. రోజు పరిమితి పెరిగినప్పుడు నష్టపడేది వారమంతా వచ్చిన మనిషి కాదని, ఎక్కువ గంటల రోజుల మధ్య నాగా పడిన మనిషేనని పట్టికే చూపిస్తోంది.

ఈ మార్పు చేసేటప్పుడు కొందరు గంట రేటు సూత్రంలోని 8ని కూడా 10 చేసేస్తారు. అది పెద్ద తప్పు. అప్పలనర్సమ్మ గంట రేటు 75 నుంచి 60కి పడిపోతుంది, నెల జీతం మాత్రం అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది. నెల జీతం 26 రోజులకు, వారానికి 48 గంటలకు ఇస్తున్నది. ఆరు రోజుల మీద 48ని పంచితే రోజుకు 8 వస్తుంది. ఒక రోజున గరిష్ఠంగా ఎన్ని గంటలు చేయించవచ్చన్నది వేరు, జీతం ఎన్ని గంటలకు ఇస్తున్నారన్నది వేరు. అందుకే N6 సూత్రంలో $B$1 వాడకుండా 8 అనే అంకెనే నేరుగా ఉంచాను.

ఓవర్‌టైం ఎన్ని గంటల వరకు చేయించవచ్చన్న దానికి కూడా చట్టంలో పరిమితి ఉంది. పట్టిక డబ్బు లెక్క కడుతుంది గానీ అన్ని గంటలు చేయించడానికి అనుమతి ఇవ్వదు. సింహాచలానికి రెండింతల రేటు ఇచ్చినంత మాత్రాన పోయిన ఆదివారం సెలవు తీరిపోదు, దాని బదులు మరో రోజు ఇవ్వాలి.

చివరగా నెల లెక్క. ఇక్కడ వచ్చిన వారం మొత్తాలను నాలుగైదు వారాలు కూడి నెల జీతంగా ఇస్తే అంకెలు కలవవు. పని రోజులు ఒక నెలలో 25, మరో నెలలో 27 ఉంటాయి, 26 అనేది సగటు మాత్రమే. నెల జీతగాళ్లకు నెల జీతం ఉన్నది ఉన్నట్టు ఇచ్చి, వారం పట్టిక నుంచి ఓవర్‌టైం రూపాయలను మాత్రమే, అంటే K గడిని గంట రేటుతోనూ 2తోనూ గుణించిన మొత్తాన్ని, జీతాల పుస్తకానికి తీసుకుపోవాలి. ఆ వారం అప్పలనర్సమ్మ పేరు మీద వెళ్లేది 1,050. పైడిరాజు పేరు మీద 840 జమ, బుధవారం రానందుకు 560 కోత, రెండూ వేర్వేరు గళ్లలో వెళ్లాలి. వాటిని ఒకదానిలో ఒకటి కలిపేసి 280 అని ఒక్క అంకె రాస్తే, ఓవర్‌టైం ఎంత వచ్చిందో అతనికి ఎప్పటికీ తెలియదు. రెండు నెలల మధ్య పడిన వారాన్ని రెండు ముక్కలు చేస్తే 48 గంటల పరిమితి ఏ ముక్కకూ తగలదు కాబట్టి, వారాన్ని చీల్చకుండా దాని శనివారం ఏ నెలలో పడితే ఆ నెల ఖాతాలోనే మొత్తం వారపు ఓవర్‌టైం వేయాలి.